600 లాభం రాసుకున్న వారం, 1,278 నష్టం

ప్రశ్న: సార్, ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఉదయం ఒక అరగంట, రాత్రి భోజనాలయ్యాక కాసేపు క్రిప్టో ట్రేడింగ్ చేస్తాను. స్పాట్ మాత్రమే, రూపాయల్లోనే. పెట్టుబడి 80,000. ప్రతి ఆదివారం రాత్రి రివ్యూ రాసుకుంటాను, వారానికి ఒక్క రూలే మార్చాలని పెట్టుకున్నాను. ఈ వారం రాసింది ఇది.

సోమవారం బిట్‌కాయిన్ 20,000కి కొని 20,600కి అమ్మేశాను. టార్గెట్ 6 శాతం పెట్టుకున్నా 3 శాతానికే భయపడి బయటికొచ్చాను, తర్వాత అది టార్గెట్ దాకా వెళ్ళింది. మంగళవారం ఈథర్ 20,000కి కొన్నాను, 8 శాతం టార్గెట్. 4 శాతం పడితే అమ్ముడుపోయేలా పెట్టిన స్టాప్ తగిలి 19,200కి పోయింది. రెండు రోజుల్లో అదే ఈథర్ పైకి లేచింది. బుధవారం సొలానా, టెలిగ్రామ్ గ్రూపులో ఫ్రెండ్ చెబితే 20,000కి కొని 22,000కి అమ్మాను. ఈ వారానికి బెస్ట్ ట్రేడ్. గురువారం డోజ్‌కాయిన్ 20,000. స్టాప్ 5 శాతం పెట్టి రెండుసార్లు కిందికి జరిపాను, చివరికి శనివారం 17,200కి అమ్మాను. పోయింది రాబట్టాలని అదే రాత్రి ఈథర్ 40,000కి కొని ఆదివారం 41,600కి అమ్మాను.

మొత్తం లాభం 600. తప్పులు: ఈథర్‌కి స్టాప్ పెట్టడం, డోజ్ జోలికి పోవడం. రూల్ మార్పు: ఇకపై ఈథర్‌కి స్టాప్ పెట్టను.

లాభం వచ్చింది కదా, మరి ఆప్‌లో బ్యాలెన్స్ 78,826 అని ఎందుకుంది? రూల్ మార్పు సరైనదేనా?

జవాబు: ముందు బ్యాలెన్స్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే రూల్ సంగతి కూడా దాన్నుంచే తేలుతుంది.

మీ నోట్‌లో కొన్న ధర, అమ్మిన ధర మాత్రమే ఉన్నాయి. యార్డులో పత్తికి పలికిన ధర వేరు, తరుగులూ ఖర్చులూ పోగా రైతు చేతికొచ్చేది వేరు. మిల్లులో ఈ తేడా రోజూ చూస్తూ మీ సొంత లెక్కలో మాత్రం పలికిన ధర దగ్గరే ఆగిపోయారు. వారంలో మీరు కొన్నది 1,20,000కి, అమ్మింది 1,20,600కి. అంటే ఎక్స్‌ఛేంజ్ గుండా 2,40,600 రూపాయలు తిరిగాయి. ఫీజు ఒక్కో వైపు 0.2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే 568 అవుతుంది. మీ 600లో ఇక 32 మిగిలాయి. ఆపైన అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. 2022 జూలై 1 నుంచి ఉన్న పద్ధతి ఇది. లాభానికే అమ్మారా నష్టానికి అమ్మారా అని అది చూడదు. డోజ్‌లో 2,800 పోగొట్టుకున్న చోట కూడా 172 పట్టుకున్నారు. ఐదింటికీ కలిపి 1,206. 80,000కి 600 కలిపి, 568, 1,206 తీసేయండి. 78,826. ఆప్ తప్పు చూపించలేదు.

టీడీఎస్ మాత్రం పోయిన డబ్బు కాదు. మీ పాన్ మీద జమ అవుతుంది, ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్ను వేసేటప్పుడు కట్టాల్సిన పన్నులో సర్దుకుంటారు. కాబట్టి దాన్ని నష్టం కింద రాయకండి, రావాల్సిన బాకీ కింద రాయండి. నష్టం కింద రాయాల్సింది అసలు పన్ను, అది మీ నోట్‌లో ఎక్కడా లేదు.

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 31.2 శాతం. ఇది చాలామందికి తెలుసు. తెలిసినా లెక్కలోకి తీసుకోనిది రెండో సగం. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తీసేసుకోవడానికి లేదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ లేదు. మీరు 600 లాభం అంటున్నారు. పన్ను చూసేది సోమవారం 600, బుధవారం 2,000, శనివారం 1,600. కలిపితే 4,200. దాని మీద పన్ను 1,310. మంగళవారం 800, గురువారం 2,800 పోవడంతో దానికి సంబంధం లేదు. ఫీజులు కూడా ఖర్చుగా తగ్గించుకోలేమన్న లెక్కే వేస్తున్నాను, జాగ్రత్తకు అదే మంచిది. 600లోంచి 568, 1,310 తీసేస్తే మీ వారం ఫలితం 1,278 నష్టం.

మీ షీట్‌లో కొన్న మొత్తం ఒక గడిలో, అమ్మిన మొత్తం పక్క గడిలో ఉంటాయి కదా. అవి D, E వరుసల్లో ఉన్నాయనుకోండి, F వరుసలో ఇది వేయండి.

```
=MAX(0,E2-D2)*31.2%
```

నష్టం వచ్చిన చోట ఇది సున్నా చూపిస్తుంది, లాభం వచ్చిన చోటే పన్ను వేస్తుంది. వారం చివర మొత్తం లాభం మీద ఒకేసారి పన్ను వేసుకుంటే 600కి 187 అని వస్తుంది, మనసు తేలిగ్గా ఉంటుంది, అది తప్పుడు లెక్క. పైగా రిటర్నులో క్రిప్టోకి ఉన్న పట్టికలో కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ఖరీదు, అమ్మిన ఖరీదు ట్రేడు ట్రేడుకీ అడుగుతారు. ఇప్పుడే తేదీలతో సహా రాసి పెట్టుకుంటే జూలైలో ఆడిటర్ ముందు కూర్చుని తల గోక్కునే పని ఉండదు.

ఈ పన్ను తీరువల్ల సోమవారం ట్రేడ్ లాంటివి ఎంత ఖరీదైనవో చూడండి. మంగళవారం ఈథర్‌నే తీసుకుందాం. 20,000 పెట్టి, 4 శాతం స్టాప్, 8 శాతం టార్గెట్. పైపైన చూస్తే పోతే 800, వస్తే 1,600, మూడింటిలో ఒకటి గెలిస్తే చాలు, డబ్బు ఎక్కడిదక్కడ ఉంటుంది. ఫీజు కలిపితే పోయేది 893. పన్ను, ఫీజు తీస్తే వచ్చేది 1,003. ఇప్పుడు వందలో 47 గెలవాలి. అదే మీరు భయపడి సగం దారిలో 4 శాతానికే దిగిపోతుంటే, పోయేది 800, వచ్చేది 800, పన్నూ ఫీజూ తీశాక వందలో 66 గెలిస్తే తప్ప అసలు నిలబడదు. నేను పన్నెండేళ్ళు కమీషన్ మండీలో లెక్కలు రాశాను, ఆ తర్వాత ఈ బజారు చూస్తున్నాను. వందలో 66 నిలకడగా గెలిచే చేయి నాకైతే కనిపించలేదు. మీరు 3 శాతం దగ్గర బయటికొచ్చి 600 జేబులో వేసుకున్నప్పుడు అది జాగ్రత్తలా అనిపించి ఉంటుంది.

ఇక మీరు తప్పులని రాసుకున్న వాటికొస్తాను. మీ నోట్‌లో తప్పు, ఒప్పు అన్నవి డబ్బు వచ్చిందా పోయిందా అన్న ఒక్కదాని మీదే నిలబడ్డాయి. దాని పక్కన ఇంకో గడి గీసి "కొనేముందు రాసుకున్నట్టే చేశానా" అని అడిగి చూడండి. సోమవారం: లేదు, ముందే దిగిపోయారు. బుధవారం: అసలు రాసుకున్నదే లేదు, మీ మిల్లులో తూకం చీటీ లేని బస్తా గోడౌన్‌లోకి పోయినట్టు మీ డబ్బు పోయింది. అది 22,000 అయి తిరిగొచ్చింది కాబట్టి బెస్ట్ ట్రేడ్ అన్నారు. 17,000 అయి వచ్చుంటే ఫ్రెండ్‌ని తిట్టుకునేవారు, ట్రేడ్ మాత్రం అదే. గురువారం: లేదు. శనివారం: లేదు, ఎంత పెట్టాలన్నది కాయిన్ చూసి కాదు, గురువారం పోయినదాన్ని చూసి తేల్చారు.

మంగళవారం ఒక్కటే రాసుకున్నట్టు జరిగింది. ఎక్కడ కొనాలో అక్కడ కొన్నారు, ఎక్కడ అమ్మాలో అక్కడ అమ్ముడుపోయింది, 800 పోతుందని ముందే తెలుసు, 800 పోయింది. ఐదింటిలో మీరు మాట నిలబెట్టుకున్న ఒకే ఒక్క ట్రేడ్‌ని తప్పుల జాబితాలో వేసి, రూల్ మార్చి దాన్నే పీకేస్తున్నారు. అందుకే మీ రెండో ప్రశ్నకు నా జవాబు: వద్దు.

స్టాప్ తగిలాక ధర మళ్ళీ పైకి పోతే కడుపు మండుతుంది, నిజమే. కానీ అదే వారంలో గురువారం ఏం జరిగిందో మీ నోట్‌లోనే ఉంది. డోజ్‌కి స్టాప్ 5 శాతం దగ్గర ఉంచేసి ఉంటే 19,000కి అమ్ముడుపోయి 1,000 పోయేది. రెండుసార్లు జరిపారు కాబట్టి 2,800 పోయింది. ఆ 2,800 కోసమే శనివారం రాత్రి 40,000 పెట్టారు. అది గెలిచింది కాబట్టి దాన్ని తప్పుల్లో రాయలేదు. ఆ రాత్రి ఈథర్ 4 శాతం పడి ఉంటే ఇంకో 1,600 పోయి, మీరు ఆదివారం ఈ ఉత్తరం రాసే బదులు 60,000 పెట్టడానికి కూర్చునేవారేమో. ఈ వారంలో దెబ్బ పుట్టింది గురువారం, స్టాప్‌ని మొదటిసారి జరిపిన నిమిషంలో.

కాబట్టి మార్చుకోవాల్సిన రూల్ ఒక్కటే: పెట్టిన స్టాప్ పైకి జరగొచ్చు, కిందికి జరగకూడదు, రద్దు కాకూడదు.

ఇది మాటగా చాలదు, ఆర్డర్‌గా ఉండాలి. "నేను చూసుకుంటాలే, అక్కడికొస్తే అమ్మేస్తా" అని మనసులో పెట్టుకునే స్టాప్‌తో నేనూ కాలు విరగ్గొట్టుకున్నాను. 2021 మే 19న బిట్‌కాయిన్ ఒక్క రోజులో 40,000 డాలర్ల పైనుంచి 30,000 దగ్గరికి జారింది. నా స్టాప్ నా తలలో ఉంది. నేను వాడే ఎక్స్‌ఛేంజ్ ఆప్ ఆ సాయంత్రం గంటన్నర తెరుచుకోలేదు. తెరుచుకునేసరికి తలలో ఉన్న ధర ఎప్పుడో దాటిపోయింది. మీరు పగలంతా మిల్లులో ఉండే మనిషి, ఈ బజారేమో రాత్రీ పగలూ మూతపడదు. కొన్న ఐదు నిమిషాల్లో స్టాప్ ఆర్డర్ ఎక్స్‌ఛేంజ్‌లో పడి ఉండాలి. అది పడేదాకా ఆ ట్రేడ్ ఇంకా మొదలుకాలేదనే అనుకోండి.

పెట్టేటప్పుడు రెండు చోట్ల జనం పొరపాటు పడతారు. మన ఆప్‌లలో ఎక్కువగా దొరికేది స్టాప్ లిమిట్ ఆర్డర్, దానికి రెండు ధరలు ఇవ్వాలి. ఉదాహరణకు డోజ్ 20 రూపాయలకు వెయ్యి కొన్నారనుకోండి. ట్రిగర్ ధర 19 ఇచ్చారు. అది తగలగానే మీ అమ్మకం ఆర్డర్ బజారులోకి వెళ్తుంది. లిమిట్ ధర కూడా 19 అనే ఇస్తే, 19కి తక్కువకు అమ్మను అని చెప్పినట్టు. రూపాయల్లో నడిచే చిన్న కాయిన్లకు అర్ధరాత్రి కొనేవాళ్ళు పలుచగా ఉంటారు. ధర 19.05 నుంచి ఒక్క గెంతులో 18.85కి పోతే మీ ఆర్డర్ 19 దగ్గర అలాగే వేలాడుతుంది, ధర మాత్రం కిందికి పోతూనే ఉంటుంది. స్టాప్ ఉందని మీరు నిద్రపోతారు, ఉన్నా లేనట్టే. లిమిట్ 18.80 దగ్గర పెట్టండి. మహా అయితే ఇంకో 200 పోతుంది, కానీ బయటపడతారు. బిట్‌కాయిన్, ఈథర్‌లకు ఇంత తేడా అక్కర్లేదు, అర శాతం సరిపోవచ్చు. మీ ఆప్‌లో ఆర్డర్ల పుస్తకం తెరిచి, కొనేవాళ్ళు ఇస్తామన్న పై ధరకూ అమ్మేవాళ్ళు అడిగే కింది ధరకూ మధ్య రాత్రి పదకొండుకు ఎంత ఎడం ఉందో ఒకసారి చూస్తే మీకే తెలుస్తుంది. ధర మరీ పెద్ద గెంతు వేస్తే, లేదా ఎక్స్‌ఛేంజే ఆగిపోతే, ఈ ఆర్డర్ కూడా కాపాడలేదు. అందుకే ఒక్క ట్రేడ్‌లో 80,000లో సగం పెట్టడం అంటే నాకు భయం.

రెండోది, చాలా ఆప్‌లలో స్టాప్ ఆర్డర్ పెట్టగానే మీ కాయిన్లు దాని కింద లాక్ అయిపోతాయి. టార్గెట్ దగ్గర అమ్మకం ఆర్డర్ కూడా పెడదామంటే బ్యాలెన్స్ లేదంటుంది. అప్పుడు మనవాళ్ళు టార్గెట్ ఆర్డర్ ఉంచి స్టాప్ తీసేస్తారు, ఆశ ఉన్న వైపే మనసు పోతుంది కదా. మీరు తిరగేయండి. స్టాప్ ఆర్డర్‌గా ఉండాలి, టార్గెట్‌కి ఫోన్‌లో అలర్ట్ పెట్టుకుంటే చాలు. టార్గెట్ తప్పిపోతే కొంత లాభం తగ్గుతుంది, స్టాప్ తప్పిపోతే గురువారం లాంటి వారం వస్తుంది.

ఈథర్ సంగతి మిగిలింది. మీ 4 శాతం స్టాప్ మరీ దగ్గరగా ఉండి ఉండొచ్చు, ఆ అనుమానం వరకు మీది న్యాయమే. తెలుసుకునే దారి ఉంది. గత 14 రోజులకు రోజూ అత్యధిక ధరకూ అత్యల్ప ధరకూ తేడా ఎంత శాతమో రాసి సగటు తీయండి. చార్టులో ఒక రోజు ధరలను చూపే కొవ్వొత్తి, అంటే క్యాండిల్, మన టైము ప్రకారం ఉదయం 5:30కి ముగుస్తుంది, మీరు ఉదయం కూర్చునే అరగంటకు ఆ అంకెలు సిద్ధంగా ఉంటాయి. సగటు 5 శాతం వచ్చిందంటే, ఈథర్ మామూలుగా అటూ ఇటూ ఊగినా మీ 4 శాతం స్టాప్ తగలొచ్చు. అప్పుడు స్టాప్ తీసేయడం కాదు, దూరం పెట్టి తక్కువ కొనడం. పోవడానికి ఒప్పుకున్న 800ని 6 శాతంతో భాగిస్తే 13,333 వస్తుంది. 20,000 బదులు 13,300కి కొని 6 శాతం స్టాప్ పెడితే పోయేది మళ్ళీ అదే 800. కానీ దీన్ని ఈ వారం మార్చకండి. ఒక్క ఈథర్ ట్రేడ్ చూసి స్టాప్ దూరం మార్చడమంటే ఒక్క వాన చూసి వేరుశెనగ విత్తేయడమే, మన సీమలో ఎవరూ అలా విత్తరు. స్టాప్ తగిలిన ప్రతిసారీ తర్వాత మూడు రోజుల్లో ధర ఎటు పోయిందో ఒక గడిలో రాస్తూ పోండి. ముప్పై ట్రేడ్లు అయ్యాక ఆ గడి చదివితే ఏదైనా చెబుతుంది. స్టాప్ జరపకూడదన్న రూల్‌కి మాత్రం ముప్పై దాకా ఆగక్కర్లేదు, అది బజారు గురించి కాదు, మీ చేతి గురించి.

ఆ ఒక్క రూల్ ఉండి ఉంటే మీ వారం ఎలా ఉండేదో నేను మళ్ళీ లెక్క వేశాను. డోజ్ 19,000కి పోయేది, శనివారం ట్రేడ్ ఉండేది కాదు. పలికిన ధరల్లో 800 లాభం. ఫీజు 379, పన్ను 811. చివరికి 390 నష్టం. 1,278తో పోలిస్తే మేలే, అయినా నష్టమే. సోమవారం బిట్‌కాయిన్‌ని కూడా 6 శాతం టార్గెట్ దాకా ఉంచి ఉంటే అన్నీ పోగా దాదాపు 20 రూపాయలు మిగిలేవి. ఉగ్గాని బజ్జీకి కూడా చాలవు. అదీ ఫ్రెండ్ చెప్పిన సొలానా 2,000 తెచ్చిపెట్టిన వారంలో. వారానికి ఐదు ట్రేడ్లు మీ పద్ధతికి ఎక్కువేమో అని నాకైతే అనిపిస్తోంది, కానీ ఒక వారంలో ఒక రూలే మార్చాలని మీరే పెట్టుకున్నారు, అది మంచి అలవాటు, దాన్ని చెడగొట్టను.

వచ్చే ఆదివారం నోట్ రాసేటప్పుడు లాభనష్టాల కంటే ముందు ఆప్‌లో ఆర్డర్ల చరిత్ర తెరిచి, రద్దు చేసినవి అన్న చోట చూడండి. డోజ్‌కి ఈ వారం అక్కడ రెండు ఉంటాయి. వచ్చే వారం రద్దయిన ప్రతి స్టాప్ పక్కన దానికి బదులు పెట్టిన కొత్త స్టాప్ ధర రాయండి. కొత్తది పాతదానికంటే పైన ఉంటే సరే. కింద ఉన్నా, అసలు లేకపోయినా, ఆ ట్రేడ్‌లో ఎంత వచ్చినా "చేయలేదు" అనే గడిలోనే పడాలి. ఆ నోట్ కూడా నాకు పంపండి, అందులో 600లు, 2,000లు ఉన్నా లేకపోయినా ఆ గడి చూస్తాను.